పసుపు ముద్దలో కలిసిపోయిన లడ్డూ: పండగ మిఠాయి ప్రకటనకు వెచ్చని రంగుల ఫొటో

ప్రశ్న: "దీపావళికి మా మిఠాయి దుకాణం ప్రకటన కోసం ఇత్తడి పళ్లేలు, దీపాలు, బంతిపూల దండలు పెట్టి మేమే ఫొటో తీశాం. అంతా పసుపు ముద్దలా వచ్చింది, స్వీట్లు ఎక్కడున్నాయో వెతుక్కోవాల్సి వస్తోంది. ఎడిటింగులో పసుపు తగ్గిస్తే పండగ కళ పోతోంది. ఏం చేయాలి?"

ఈ చిక్కు ఎడిటింగులో పుట్టింది కాదు, బల్ల మీదే పుట్టింది. ఇత్తడిది పసుపు, బంతిది పసుపు లేదా నారింజ, దీపం వెలుగు నారింజ, బూందీ లడ్డూ నుంచి మైసూర్ పాక్ దాకా నేతి మిఠాయిల్లో చాలావరకు అదే వరుస రంగులు. వీటన్నిటి మీద మళ్లీ పసుపు బల్బు వెలుగు వేసినా, ఫోనులో వెచ్చని ఫిల్టరు పెట్టినా, వాటి మధ్య మిగిలి ఉన్న కాస్త తేడా కూడా చెరిగిపోతుంది. వెచ్చదనం కంటికి ఆనాలంటే దాని పక్కన వెచ్చగా లేనిది ఒకటి ఉండాలి. అందుకే నేను ఇలాంటి ఫొటోల్లో మిఠాయి మీద పడే వెలుగును తెల్లగానే ఉంచి, వెచ్చదనాన్ని ఇత్తడికీ పూలకీ దీపానికీ వదిలేస్తాను.

ఈ సంగతి నాకు మొదట తెలియజెప్పింది ఒక దుకాణం యజమాని. నేను ఫొటోలు తీసే వృత్తిలోకి వచ్చిన కొత్తలో ఆయన కాజూ కట్లీకి పసుపు బల్బులు పెట్టి, కెమెరాలో రంగును ఇంకాస్త వెచ్చబరచి, ఎంతో బాగా వచ్చిందనుకుంటూ ఫొటో చూపించాను. ఆయన ఒక్క క్షణం చూసి, "ఇది పాత సరుకులా ఉందండీ, మా కట్లీ ఇలా ఉండదు" అన్నారు. మళ్లీ చూస్తే ఆయన మాటే నిజం. తెల్లగా ఉండాల్సిన ముక్క గోధుమ ఛాయలోకి దిగింది, పైనున్న వెండి రేకు ఇత్తడి రేకులా కనబడుతోంది. మిఠాయి కొనేవారి కన్ను తాజాదనాన్ని తెలుపులోనే వెతుకుతుంది. ఆ తెలుపు చెడితే చుట్టూ ఎన్ని దండలు వేలాడినా ప్రయోజనం ఉండదు.

కాబట్టి మొదటి పని వైట్ బ్యాలెన్సును, అంటే ఏది తెలుపో కెమెరాకు చెప్పే అమరికను, మీ చేతిలోకి తీసుకోవడం. దాన్ని ఆటోలో వదిలేస్తే, ఎదుట ఉన్నదంతా పసుపే కనుక కెమెరా కొన్ని ఫొటోల్లో ఆ పసుపును లోపంగా భావించి నీలం కలుపుతుంది, కొన్నింటిలో కలపదు. దండను కాస్త జరిపితే చాలు, ఫొటో ఫొటోకీ రంగు మారిపోతుంది. కిటికీ వెలుగులో పళ్లెం ఉండే చోట గ్రే కార్డు అనే బూడిద రంగు అట్ట పెట్టి, దాన్ని బట్టి రంగును ఒకసారి స్థిరపరచి, ఆ తరువాత ముట్టుకోకండి. వెలుగు రంగును కెల్విన్లలో కొలుస్తారు, అంకె తగ్గేకొద్దీ వెలుగు నారింజ వైపు జరుగుతుంది. పగటి వెలుగు సుమారు 5500 కెల్విన్లు, నూనె దీపం సుమారు 1900 కెల్విన్లు. కెమెరాను పగటి వెలుగుకు కట్టేస్తే దీపం తనంతట తానే నారింజగా వస్తుంది, మిఠాయి తన అసలు రంగులో నిలుస్తుంది. మీరు కోరుకునే పండగ కళ ఈ రెండింటి మధ్య దూరంలోనే ఉంది. వెచ్చని బల్బు పెట్టినప్పుడు పోయేది కూడా సరిగ్గా ఆ దూరమే.

వెచ్చని బల్బూ ఫిల్టరూ వద్దనడానికి ఇంకొక కారణం కూడా ఉంది. బంతిపూల ఫొటోలో మొదట దెబ్బతినేది ఎరుపు ఛానెల్. ఫొటోలో వెలుతురు ఎలా పంచుకుని ఉందో చూపే గ్రాఫును, అంటే మొత్తం హిస్టోగ్రామును చూస్తే వెలుతురు సరిపోయిందనిపిస్తుంది, కానీ ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా చూపించే హిస్టోగ్రాము తీసి చూస్తే ఎరుపు కుడి గోడకు కొట్టుకుని ఆగిపోయి ఉంటుంది. అక్కడ పువ్వు రేకులు ఒకదాని నుంచి ఒకటి విడివడి కనబడవు, నారింజ రంగు పూసిన గోడలా కనబడతాయి. బూందీ లడ్డూదీ ఇదే కథ, పూస పూసకూ మధ్య ఉన్న నీడ పోతుంది. రంగును వెచ్చబరచడమంటే ఎరుపును ఇంకా పెంచడమే కనుక, ఇలా పోయిన రేకులు ఫిల్టరుతో మరింత పోతాయి తప్ప తిరిగి రావు. ఎరుపు గోడకు తగలకుండా ఉండేంత వరకు ఎక్స్‌పోజరు తగ్గించి తీయండి. ఫోనుతో తీసేవారైతే తెరపై అన్నిటికన్నా నిండు రంగులో ఉన్న పువ్వును తాకి, రేకులు విడిగా కనబడేదాకా వెలుతురును కిందికి జరపాలి. ఫొటో కాస్త చీకటిగా అనిపిస్తుంది, దాన్ని తరువాత లేపుకోవచ్చు.

ఇక మీ పటంలో స్వీట్లను వెతుక్కోవాల్సి రావడానికి రంగు ఒక్కటే కారణం కాదు, ఆకారం కూడా కారణం అయి ఉంటుంది. ముద్దబంతి గుండ్రంగా ఉంటుంది, లడ్డూ గుండ్రంగానే ఉంటుంది. రెండింటి పైభాగమూ గరుకే. వాట్సాప్‌లో వేలి గోరంత బొమ్మగా చూసినప్పుడు లడ్డూల కుప్ప ఇంకొక పూల కుప్పలాగే కనబడుతుంది. పైగా బజారులో దొరికే పెద్ద ముద్దబంతి లడ్డూ కన్నా పెద్దదిగా ఉంటే, పక్కనున్న లడ్డూ చిన్నదైపోతుంది. కొనేవారికి అది నోటితో చెప్పలేని అసంతృప్తి. అందుకే నేను పూలు కొనేటప్పుడు ఉసిరికాయకు కాస్త పెద్దవిగా ఉండే బంతినే తీసుకుంటాను. లడ్డూ నారింజ ఛాయలో ఉంటే నిమ్మపండు పసుపు బంతిని, మైసూర్ పాక్ లాంటి లేత పసుపు మిఠాయికైతే ముదురు నారింజ బంతిని ఎంచుకుంటాను. రెండు రంగుల దండలను కలిపి వాడితే ఈ తేడా పనిచేయదు.

మిఠాయికీ పువ్వుకీ మధ్య గోడ కట్టేది ఆకుపచ్చ. దీనికోసం బయటి నుంచి ఏమీ తెచ్చుకోనక్కరలేదు. మన ఇళ్లలో పండగకు గుమ్మానికి బంతి దండతో పాటు మామిడాకు, పళ్లెంలో అరిటాకు మామూలే. పళ్లెం లోపలి కొలతకు గుండ్రంగా కత్తిరించిన అరిటాకు వేసి దాని మీద మిఠాయి పేరిస్తే, పసుపు పళ్లెం అంచుకూ పసుపు మిఠాయికీ మధ్య పచ్చని ఉంగరం ఏర్పడుతుంది. ఇంకొక లాభం కూడా ఉంది. మెరిసే ఇత్తడి తన మీద పెట్టిన తెల్ల మిఠాయి అడుగు భాగానికి పసుపు వెలుగు కొడుతుంది, ఆకు దాన్ని ఆపుతుంది. వెనుక వేసే బట్ట ముదురు మెరూన్ రంగులో, మెరుపు లేని నూలుదై ఉండాలి. చాలామంది పట్టుచీర పరుస్తారు, కానీ దాని జరీ ఇంకొక ఇత్తడిలా మెరిసి చూపును లాగేసుకుంటుంది.

ఈ అమరిక సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి నేను చేసేది ఒక్కటే. ఒక నమూనా ఫొటో తీసి దాన్ని నలుపు తెలుపులోకి మార్చి, చిన్నదిగా చేసి చూస్తాను. లడ్డూ, పువ్వు, పళ్లెం మూడూ ఒకే బూడిద రంగులోకి వస్తే రంగుల్లో ఎంత అందంగా ఉన్నా ఆ ఫొటో పనికిరాదు. అక్కడే ఆగి పువ్వును నీడలోకి జరపాలి, లేదా మిఠాయి మీదికి వెలుగు తేవాలి.

ఇత్తడి గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది దానితోనే కుస్తీ పడతారు. ఇత్తడి అద్దం లాంటిది, తన ఎదుట ఏముంటే అదే చూపిస్తుంది. మీరు పైనుంచి ఏటవాలుగా కెమెరా పెట్టినప్పుడు, పళ్లెం అడుగు భాగం తన వెనక అదే కోణంలో పైకి ఉన్న దాన్ని మీకు చూపిస్తుంది. అక్కడ చీకటి గోడ ఉంటే పళ్లెం తుప్పు రంగులో నల్లగా కనబడుతుంది. అక్కడ ఏ అడ్డమూ లేని కిటికీ ఉంటే తెల్లటి మరక పడుతుంది. ఇత్తడి బంగారంలా కనబడేది, ఒక పక్క నుంచి ఇంకొక పక్కకు వెలుగు మెల్లగా తగ్గుతూ వచ్చే తెల్లటి ఉపరితలాన్ని అది చూస్తున్నప్పుడు మాత్రమే. ఉతికిన తెల్లటి పంచెను పళ్లెం వెనక, కాస్త పైన, కెమెరాకు కనబడకుండా ఏటవాలుగా కట్టండి. కిటికీ వైపున్న భాగం వెలుగ్గా, అవతలి భాగం మసకగా ఉంటుంది, ఆ మార్పే పళ్లెం మీద బంగారు ఛాయగా వాలుతుంది. అంచు విడిగా కనబడాలంటే కెమెరా వైపు ఒక పక్కన నల్ల అట్ట నిలబెట్టండి, దాని సన్నని నల్ల గీత అంచు చుట్టూ గీసినట్టు వస్తుంది.

మెరుపును తగ్గించే పోలరైజర్ అనే ఫిల్టరు పెడితే ఇత్తడి మెరుపు పోతుందని కొందరు చెబుతారు. లోహం మీద నేరుగా పడే ప్రతిబింబాన్ని లెన్సుకు పెట్టిన పోలరైజర్ పెద్దగా తగ్గించదు. అది తగ్గించేది ఆకు మీది తళుకునూ, జాంగ్రీ పాకం మీది నిగారింపునూ, అంటే మనకు కావలసిన వాటినే. నేను తీసి పక్కన పెడతాను. తోమడం విషయంలో చింతపండు, ఉప్పు చాలు. కానీ అద్దంలా మెరిసే కొత్త పళ్లెం కన్నా, తోమి తోమి సన్నటి గీతలు పడిన ఇంటి పళ్లెం మేలు, ఎందుకంటే ఆ గీతలు ప్రతిబింబాన్ని చెదరగొట్టి మెత్తబరుస్తాయి. తోమిన తరువాత వేళ్లతో ముట్టుకుంటే ముద్రలు పడతాయి కనుక గుడ్డతోనే పట్టుకోవాలి.

దీపాల దగ్గర అసలు చిక్కు వెలుతురు ఎక్కువ తక్కువలది. జ్వాల విపరీతమైన వెలుగు, అది చుట్టూ పంచే వెలుగు మాత్రం చాలా తక్కువ. జ్వాలకు సరిపోయేలా తీస్తే పళ్లెం చీకటి, పళ్లేనికి సరిపోయేలా తీస్తే జ్వాల తెల్లటి చుక్క. కిటికీ వెలుగులో ప్రమిద వెలుగు సోకినట్టే కనబడదు. ఒకే ఫొటోలో ఈ మూడూ రావడం కష్టం కనుక నేను కెమెరాను స్టాండు మీద కదలకుండా బిగించి, మూడు ఫొటోలు తీసి కలుపుతాను. కిందటి ఏడాది రాజమండ్రిలో ఒక దుకాణానికి తీసిన ఫొటో చెబితే ఇది తేలికగా అర్థమవుతుంది.

ఆ దుకాణం వారు మూడు రకాలు పెట్టమన్నారు: బూందీ లడ్డూ, మడత కాజా, పూతరేకులు. పూతరేకులు ఉన్నాయనగానే నాకు సగం దిగులు తీరింది, ఎందుకంటే ఆ పళ్లెంలో తెలుపు అదొక్కటే. పద్నాలుగు అంగుళాల పళ్లెం, దాని వెనక ఒక జత కుందులు, ముందు ఒక మూలగా రెండు మట్టి ప్రమిదలు. నిమ్మ పసుపు బంతిని తెల్లవారుజామున కడియపులంక పూల మార్కెట్టు నుంచి తెప్పించి, తడి గుడ్డలో చుట్టి ఉంచాము. ఉత్తరపు కిటికీ ఉన్న గది, ఉదయం తొమ్మిది గంటల వేళ. పళ్లెం ఒక గడియారం మధ్యలో, కెమెరా ఆరు అంకె దగ్గర ఉన్నాయనుకుంటే కిటికీ పది అంకె దగ్గర ఉంది, దానికి పల్చటి తెల్ల పరదా. ఇలా వెనక పక్క నుంచి వచ్చే వెలుగులో లడ్డూ పూసల మీద చిన్న చిన్న నీడలు పడతాయి, కాజా మడతలు విడివిడిగా కనబడతాయి. పూతరేకు పొర గుండా వెలుగు దూరి లోపలి బెల్లం పొడి మసగ్గా అగుపించింది. నాలుగు అంకె దగ్గర పెట్టిన తెల్ల థర్మోకోల్ అట్ట ముందు వైపు నీడలను కొద్దిగా లేపింది.

మొదటి ఫొటో దీపాలు వెలిగించకుండా కిటికీ వెలుగులో తీశాను: ఐఎస్ఓ 200, ఎఫ్/8, సెకనులో ఎనిమిదో వంతు. మిఠాయిల రంగు, పూల రేకుల వివరం అంతా దీనిలోదే. తరువాత ఫ్యాను ఆపించి, పరదా మీద దుప్పటి కప్పించి, దీపాలు వెలిగించి, మిగతావేమీ మార్చకుండా రెండు సెకన్ల ఫొటో తీశాను. దీనిలో జ్వాలలు చెడిపోతాయి కానీ, పళ్లెం అంచు మీదా లడ్డూల వెనక వైపునా పడిన నారింజ వెలుగు చక్కగా దొరుకుతుంది. మూడోది జ్వాల కోసమే, సెకనులో రెండు వందల యాభయ్యో వంతు. జ్వాల ఎటూ అల్లాడుతుంది కనుక ఇలాంటివి ఇరవై దాకా తీసి, నిటారుగా నిలిచిన దాన్ని ఎంచుకున్నాను. వత్తిని పావు అంగుళానికి మించి పైకి లాగకూడదు, లాగితే పొగ వచ్చి వెనక బట్ట మీద మసక కమ్ముతుంది. నేతి మిఠాయికి దీపం జానెడు దూరమైనా లేకపోతే నెయ్యి కరిగి ఆకు మీదికి దిగుతుంది. ఆ రోజు నేనే ఒక ప్రమిదను మరీ దగ్గర పెట్టి ఒక వరుస లడ్డూలు మార్చాల్సి వచ్చింది.

ఎడిటింగులో మొదటి ఫొటో అడుగున, దీపపు వెలుగు ఫొటో దాని మీద పొరగా, వెలుగును మాత్రమే కలిపే Screen పద్ధతిలో, బలం సగానికి కాస్త ఎక్కువగా. పూతరేకుల మీద నుంచి మాత్రం ఆ పొరను మాస్కుతో చాలావరకు తుడిచేశాను. ఆ పైన జ్వాల ఉన్నంత మేర మూడో ఫొటోను Lighten పద్ధతిలో వేశాను. ఫొటో మొత్తాన్నీ వెచ్చబరిచే Temp అనే జారుడు మీటను ముట్టుకోలేదు. లడ్డూలను మాస్కుతో వదిలేసి Orange, Yellow రంగుల Saturation ను కొంచెం తగ్గించి, నీడల్లో మాత్రం కాస్త గోధుమ ఛాయ కలిపాను. ఇలా రంగు నిండుదనం తగ్గిస్తే కళ పోతుందని మీరు భయపడుతున్నారు కానీ, తగ్గించాల్సింది పువ్వులదీ ఇత్తడిదీ మాత్రమే, లడ్డూది అలాగే ఉండనివ్వాలి. అప్పుడు చూపు దాని మీదే ఆగుతుంది. చివరగా పూతరేకు మీద ఒక చుక్క రంగు విలువ చూశాను. ప్రతి రంగుకూ 0 నుంచి 255 దాకా ఉండే లెక్కలో ఎరుపు కన్నా నీలం పదిహేను ఇరవై అంకెలు తక్కువ ఉంటే వెచ్చని తెలుపు. ఆ తేడా నలభై దాటితే పూతరేకు పాతబడినట్టు కనబడుతుందని నా అనుభవం, మీ దగ్గర కాజూ కట్లీ ఉంటే ఈ కొలత దానికి వాడుకోండి.

రాత కోసం పై మూడో వంతును మెరూన్ బట్టకే ఖాళీగా వదలండి. దండను పై అంచు పొడవునా వేలాడదీస్తే దుకాణం పేరు పూల మీద పడి గుడులూ వత్తులూ చదవడానికి రావు. దండ ఒక పక్క నుంచి దిగి, చివర మసకబారి, ఫొటో బయటికి పోతే చాలు. పూలు మిఠాయికి తగలకుండా చూసుకోండి, ముఖ్యంగా ఆ సరుకునే తరువాత అమ్మేటట్లయితే. అలంకారపు పూల మీద ఏ మందు చల్లారో మనకు తెలియదు.

ఫ్లెక్సీకో కరపత్రానికో ఇచ్చే ముందు ఒక జాగ్రత్త అవసరం. తెర మీద వెలిగే బంతి నారింజ నాలుగు రంగుల ముద్రణలోకి పూర్తిగా రాదు, కొంత చప్పబడుతుంది. ఇత్తడి నీడలు మురికి ఆకుపచ్చలోకి జారతాయి. ప్రెస్సువారి యంత్రం రంగుల ప్రొఫైలు ఫైలు తీసుకుని, ఫొటోషాపులో Proof Colors పెట్టి అచ్చులో ఎలా వస్తుందో ముందే చూసుకోండి. ఇత్తడి నీడల్లో పచ్చదనం కనబడితే అక్కడ సయాన్ అనే నీలి ఇంకు కొద్దిగా తగ్గించండి. పెద్ద ఫ్లెక్సీ అచ్చుకు పంపే ముందు పళ్లెం, పువ్వు, పూతరేకు మూడూ వచ్చేలా ఒక అడుగు పొడవున్న ముక్క కత్తిరించి అదే యంత్రం మీద నమూనా తీయించండి. దాన్ని ప్రెస్సు గదిలోని ట్యూబులైటు కింద చూడకుండా బయటి ఎండలోకి తెచ్చి చూడండి, ఎందుకంటే ఫ్లెక్సీ కట్టేది ఎండలోనే.